పెదవిపైకి దిగిన మీసాన్ని కత్తిరించుకోవడం ఎలా

మీసాన్ని ఒత్తుగా పెరగనిచ్చిన వారికి కొన్ని వారాలకే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. గ్లాసు ఎత్తగానే పెదవి కంటే ముందు మీసం తడుస్తుంది, ముద్ద నోట పెట్టుకుంటే దానితో పాటు నాలుగు వెంట్రుకలు కూడా లోపలికి పోతాయి. దీనికోసం మీసం మొత్తాన్ని కురచ చేసుకోవలసిన అవసరం లేదు. ఇబ్బంది పెట్టేవి కింది అంచున ఉన్న కొద్దిపాటి వెంట్రుకలు మాత్రమే. వాటిని గుర్తించి, వాటిని మాత్రమే సరైన ఎత్తులో కత్తిరిస్తే మీసం ఒత్తు, ఆకారం చెక్కుచెదరవు, తినేటప్పుడు తాగేటప్పుడు మూతి శుభ్రంగా ఉంటుంది. ఇంట్లో అద్దం ముందు నిలబడి, మామూలు చిన్న కత్తెరతో ఆ పని ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా మీసం అమరికను కొంచెం గమనించండి. పెదవి మీద వేలాడుతున్న వెంట్రుకలన్నీ పెదవి పక్కనే మొలిచినవి కావు. కొన్ని పెదవి అంచును ఆనుకుని మొలుస్తాయి, మరికొన్ని ముక్కు కింద మొలిచి, పొడుగ్గా పెరిగి, కింది వాటిని కప్పుతూ పెదవి దాకా దిగుతాయి. అంచున మొలిచినవి సహజంగా కిందికే కాక కొంత ముందుకు కూడా పెరుగుతాయి, పైనుంచి దిగిన పొడుగు వెంట్రుకల బరువు వాటిని అణచిపెట్టి ఉంచుతుంది. తొందరపడి అంచును పైకి కోసేస్తే ఆ కప్పు పోతుంది. కింద మిగిలిన కురచ వెంట్రుకలు, వంగడానికి తగినంత పొడుగు లేక, బిరుసుగా ముందుకు పొడుచుకొస్తాయి. మీసం కత్తిరించుకున్నాక కూడా గ్లాసు అంచుకు తగులుతూనే ఉందని కొందరు ఆశ్చర్యపోతారు. వారి ఇబ్బందికి చాలాసార్లు ఇదే కారణం. కాబట్టి ఈ పనిలో అన్నిటికంటే ముందు పాటించవలసిన నియమం, ఎర్రని పెదవి మొదలయ్యే గీతను దాటి పైకి ఎప్పుడూ కోయకూడదు.

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. నాలుగైదు అంగుళాల పొడవున్న, సన్నని పదునైన కత్తెర ఒకటి కావాలి. దాని కొనలు గుండ్రంగా ఉంటే మరీ మంచిది, ఎందుకంటే పెదవి చర్మం పలుచన, చిన్న గాటుకే చాలాసేపు రక్తం కారుతుంది. కాగితాలు కోసే కత్తెర ఈ పనికి వాడవద్దు. దాని అలుగులు మందంగా ఉండి వెంట్రుకను తెగనివ్వక నలుపుతాయి, వెంట్రుక పక్కకు జారిపోయి అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది. దగ్గర పళ్ళున్న చిన్న దువ్వెన, నిలువుగా నిలబెట్టగల అద్దం, ముఖానికి ఎదురుగా పడే వెలుతురు ఉంటే చాలు. వెలుతురు తల మీది నుంచి పడితే ముక్కు నీడ సరిగ్గా కత్తిరించవలసిన చోటే పడుతుంది, ఆ నీడలో పెదవి గీత కనబడదు. ట్రిమ్మర్ గురించి తరువాత చెబుతాను. మొదటిసారి ఈ పని చేసుకుంటున్నవారు కత్తెరతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కత్తెర మీరు చేతిని కదిలించినప్పుడే కోస్తుంది, ట్రిమ్మర్ తగిలిన ప్రతిచోటా కోస్తుంది.

మీసాన్ని సబ్బుతోనో షాంపూతోనో కడిగి, అందులో ఉన్న నూనె, మైనం పూర్తిగా పోనివ్వండి. తరువాత తువాలుతో అద్ది, పూర్తిగా ఆరేదాకా ఆగండి. తడిగా ఉన్నప్పుడు కత్తిరించడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు. తడిసిన వెంట్రుక సాగి, నిటారుగా దిగి, పక్క వాటితో అతుక్కుపోయి, ఉన్నదానికంటే పొడుగ్గా కనిపిస్తుంది. అప్పుడు పెదవి గీత దగ్గర కోస్తే, ఆరిన తరువాత అది పైకి ముడుచుకుని, మీసానికీ పెదవికీ మధ్య చర్మం బయటపడుతుంది. ఉంగరాల వెంట్రుకలున్న వారికి ఈ తేడా ఇంకా ఎక్కువగా ఉంటుంది.

ఆరిన మీసాన్ని ముక్కు కింది నుంచి పెదవి వైపు తిన్నగా దువ్వండి. మధ్యలో కిందికి, పక్కల వెంట్రుకలు పెరిగిన దిశలో కొంచెం ఏటవాలుగా దువ్వితే ప్రతి వెంట్రుక తన సహజమైన చోట కూర్చుంటుంది. అన్నింటినీ బలవంతంగా ఒకే దిశలో లాగి దువ్వితే కోసేటప్పుడు గీత చక్కగానే ఉంటుంది, కాని కాసేపటికి అవి తమ చోటికి తిరిగిపోయి అంచు చెదిరిపోతుంది. మీసాన్ని పక్కలకు దువ్వి కొనలు మెలితిప్పే అలవాటున్నవారు ఇక్కడే ఇంకొక పని చేయాలి. ముందుగా మీసాన్ని మధ్యలో పాయ తీసి, పక్కలకు దువ్వి, చేతి వేళ్ళతో అదిమి చూడండి. పక్కకు వెళ్ళి నిలిచిన వెంట్రుకలు మీకు కావలసినవి, వాటిని తాకవద్దు. పక్కకు వెళ్ళకుండా మళ్ళీ పెదవి మీదికే జారినవి మాత్రమే కత్తెరకు అర్హమైనవి. పొడుగు వెంట్రుకలను చిన్న క్లిప్పుతో పక్కకు పట్టి ఉంచితే, కత్తిరించేటప్పుడు అవి పొరపాటున తెగకుండా ఉంటాయి.

ఇప్పుడు మూతిని ఎలా ఉంచాలన్నది చూడాలి. పెదవులు తేలికగా మూసి, పళ్ళు బిగించకుండా, ఏమీ ఆలోచించకుండా కూర్చున్నప్పుడు ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంచండి. చాలామంది అద్దం ముందు పై పెదవిని పళ్ళ మీదికి మడిచి బిగిస్తారు, అలా చేస్తే ఎర్రని అంచు లోపలికి పోయి ఎక్కడ ఆపాలో తెలియదు. నవ్వుతూ కత్తిరించడం కూడా సరికాదు. నవ్వినప్పుడు ముక్కుకూ పెదవికీ మధ్య చర్మం కుదించుకుని వెంట్రుకల కొనలు కిందికి తోసుకొస్తాయి, పెదవి పలుచబడుతుంది. ఆ స్థితిలో అంచు వరకు కోస్తే, ముఖం మామూలుగా అయ్యాక మీసం పైకెక్కి కనిపిస్తుంది. కోసేది ముఖం విశ్రాంతిగా ఉన్నప్పుడు, నవ్వడమూ నోరు తెరవడమూ కోసిన తరువాత సరిచూసుకోవడానికి.

అద్దానికి దగ్గరగా జరిగి పై పెదవి గీతను జాగ్రత్తగా చూడండి. అది బల్లపరుపుగా ఉండదు. ముక్కు కింది గాడికి సూటిగా, నడిమధ్యన కొద్దిగా కిందికి దిగి, దానికి రెండు వైపులా చిన్న శిఖరాల్లా పైకి లేచి, అక్కడినుంచి నోటి మూలల వైపు జారుతుంది. ఒకే సరళరేఖలో అడ్డంగా కోస్తే రెండు శిఖరాల దగ్గర వెంట్రుకలు పెదవి మీదే మిగులుతాయి, లేదా నడిమధ్యన చర్మం బయటపడుతుంది. కత్తెర ఆ వంపును మెత్తగా అనుసరించాలి. మరీ వెంట్రుకవాసి తేడా లేకుండా గీసినట్టు ఉండనక్కరలేదు. గీసినట్టున్న అంచు మొదటి రోజు అందంగానే ఉంటుంది గాని రెండో రోజు నుంచే మొలకలు దాన్ని చెరిపేస్తాయి.

కత్తెరను పెదవికి సమాంతరంగా పట్టుకుని, చిటికెన వేలిని గడ్డం మీద ఆనించండి. ఆ ఆనిక వల్ల చేయి వణకదు, ముఖం కదిలినా కత్తెర కూడా దానితోనే కదులుతుంది. కోసేటప్పుడు బొటనవేలు ఒక్కటే ఆడాలి, అంటే కింది అలుగు కదలకుండా నిలిచి ఉండాలి. నడిమధ్యన మొదలుపెట్టి, ఎర్రని గీతకు 2 మిల్లీమీటర్లు కిందుగా, అలుగుల కొనలతో కొంచెం కొంచెంగా కోస్తూ ఒక మూల వైపు వెళ్ళండి. ఒక్కసారి మూసినప్పుడు అయిదారు వెంట్రుకలకు మించి తెగకూడదు. మళ్ళీ మధ్యకు వచ్చి రెండో వైపు కోయండి. కుడిచేతి వాటం ఉన్నవారికి ఒక వైపు సులభంగా, మరొక వైపు వంకరగా అనిపిస్తుంది. చేయి మార్చడం కంటే ముఖాన్ని కొద్దిగా పక్కకు తిప్పి, మణికట్టును కింది నుంచి వంచి కోయడం మేలు. అద్దంలో చేయి ఎటు కదులుతున్నదీ తికమకగా ఉంటే, మొదట కత్తెర మూసి ఉంచి, దాన్ని గీత వెంబడి ఒకసారి నడిపించి చూసుకోండి.

మధ్యనుంచి మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. మీసం ఎత్తును అందరూ మధ్యభాగంతోనే పోలుస్తారు, తాగేటప్పుడు గ్లాసు అంచు ఆనేదీ అక్కడే. మధ్య ఎత్తు స్థిరపడితే రెండు వైపులా దానికి సరిపెట్టవచ్చు. మూలల నుంచి మొదలుపెట్టి రెండు వైపుల గీతలను మధ్యలో కలపబోతే అవి తరచుగా కలవవు, కలపడానికి కోస్తూ పోతే మధ్యభాగం కురచైపోతుంది.

మొదటి విడత పూర్తయ్యాక కత్తెర కింద పెట్టి, మీసాన్ని వేళ్ళతో అటూ ఇటూ చెరిపి, మళ్ళీ దువ్వండి. అప్పటిదాకా పైవాటి చాటున దాగిన పొడుగు వెంట్రుకలు ఇప్పుడు బయటికి వస్తాయి. రెండో విడతలో ఎర్రని గీత దాకా, లేదా గీతకు వెంట్రుకవాసి కిందుగా కోయండి. ఆ తరువాత కత్తెరను నిలువుగా పట్టుకుని, కొనలు పైకి ఉండేలా, అంచులో అక్కడక్కడ ఒక మిల్లీమీటరు లోతున చిన్న చిన్న గాట్లు పెట్టండి. అడ్డంగా మాత్రమే కోసిన అంచులో వెంట్రుకల మొనలన్నీ ఒకే వరుసలో నిలిచి పెదవికి గుచ్చుకుంటాయి, మాట్లాడేటప్పుడు చురుకు చురుకుమంటుంది. నిలువు గాట్లు ఆ వరుసను చెదరగొట్టి అంచును మెత్తబరుస్తాయి. కత్తెర కొనలు గుండ్రంగా లేకపోతే ఈ మెట్టును వదిలేయడం మంచిది.

నోటి మూలలకు ప్రత్యేకంగా సమయం కేటాయించండి, ఎందుకంటే తినేటప్పుడు ఇబ్బంది పెట్టేవి ఎక్కువగా మూలల్లోని వెంట్రుకలే. నోరు మూసి ఉన్నప్పుడు అవి పెదవి పక్కగా కిందికి దిగి ఎవరికీ అడ్డం లేనట్టే కనిపిస్తాయి. ముద్ద కోసం నోరు తెరిచినప్పుడు మూల సాగి లోపలికి మడత పడుతుంది, వెంట్రుకలూ దానితో లోపలికి వస్తాయి, నమిలేటప్పుడు పళ్ళ మధ్య పడతాయి. కాబట్టి అద్దం ముందు నోటిని మెల్లగా, ముద్ద పెట్టుకునేంతగా తెరిచి, మళ్ళీ మూయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే ఏ వెంట్రుకలు లోపలికి వంగుతున్నాయో స్పష్టంగా కనబడుతుంది. వాటిని దువ్వెన పంటితో విడదీసి, నోరు మూసిన తరువాత, బయటి వైపుకు ఏటవాలుగా కోయండి. మూల దగ్గర ఎర్రని గీత సన్నబడి మాయమవుతుంది కనుక గీతను చూసి కోయడం కుదరదు, నోటి కదలికనే చూడాలి. మీసం గడ్డంతో కలిసి ఉన్నవారు ఈ చోట ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఏర్పరచుకుంటే సరిపోతుంది, మొత్తం కలయికను తెంచనక్కరలేదు.

తరువాత ఖాళీ గ్లాసుతో పరీక్షించాలి. గ్లాసును తాగేటప్పటిలాగే పెదవికి ఆనించి, కొద్దిగా వంచి, అద్దంలో పక్కనుంచి చూడండి. గ్లాసు అంచుకు లోపలి వైపు పడే వెంట్రుకలు ఉన్నాయంటే అవి ద్రవంలో మునుగుతాయి. అవి కిందికి వేలాడుతున్నవైతే అంచు దగ్గర ఒకటి రెండు గాట్లతో పోతాయి. కిందికి కాక ముందుకు పొడుచుకొచ్చినవైతే అంచు కోయడం వల్ల ప్రయోజనం ఉండదు. అప్పుడు మీసం మందాన్ని తగ్గించాలి. దువ్వెనను మీసంలో కింది నుంచి పైకి పోనిచ్చి, పళ్ళ వెనుకభాగం చర్మానికి 5 లేదా 6 మిల్లీమీటర్ల ఎడంగా ఉండేలా పట్టుకుని, దువ్వెన దాటి బయటికి వచ్చిన కొనలను మాత్రమే కోయండి. ఇది కింది సగంలోనే చేయాలి. ముక్కు కింది పొడుగు వెంట్రుకలను ఇలా పలుచబరిస్తే ఇంతకుముందు చెప్పిన కప్పు పోయి, కింది వెంట్రుకలు మరింత లేస్తాయి.

ఒక ఉదాహరణతో ఇదంతా చూద్దాం. పెదవి గీత దాకా కత్తిరించిన మీసాన్ని మూడు వారాలు తాకకుండా వదిలారనుకుందాం. ముఖం మీది వెంట్రుకలు రోజుకు సుమారుగా మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతాయి కనుక, అంచు ఇప్పుడు మధ్యలో 6 లేదా 7 మిల్లీమీటర్లు కిందికి వేలాడుతుంది. అంటే పై పెదవి ఎర్రభాగం చాలావరకు కప్పబడి ఉంటుంది. మొదటి విడతలో గీతకు 2 మిల్లీమీటర్లు కిందుగా కోస్తే తెగేది 4 లేదా 5 మిల్లీమీటర్లు. మళ్ళీ దువ్వగానే ఎడమ వైపు ఒక పాయ ఇంకా కిందికి దిగి కనిపిస్తుంది. అది పైనుంచి వచ్చిన పొడుగు వెంట్రుకల పాయ, దాన్ని మిగతా అంచుతో సమం చేయాలి. రెండో విడతలో గీత దాకా వచ్చాక, అద్దంలో కుడి వైపు కొంచెం ఎత్తుగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇక్కడ ఆగి పెదవిని చూడాలి. చాలామంది పెదవి రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండదు. కుడి పెదవే కొంచెం ఎత్తుగా ఉంటే మీసం కూడా అలాగే ఉండాలి, ఎడమ వైపును దానికి సమం చేయబోతే అక్కడ చర్మం బయటపడుతుంది. అంచు రెండు వైపులా తన తన పెదవి గీతను తాకుతున్నదా అన్నదే కొలత. నోరు తెరిచి చూస్తే ఎడమ మూలలో నాలుగైదు వెంట్రుకలు లోపలికి వంగుతాయి, వాటిని ఏటవాలుగా తీసేయాలి. గ్లాసు పరీక్షలో మధ్యన కొన్ని ముందుకు లేచి ఉంటే దువ్వెన మీదుగా వాటి కొనలు తీయాలి. మొదటిసారి దీనంతటికీ ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చు.

ఒక వైపు నిజంగానే ఎక్కువ తెగిపోతే, రెండో వైపును దానికి సరిచేయాలన్న తొందర పడవద్దు. అలా ఒకదాని వెంట ఒకటి సరిచేస్తూ పోతే మీసం ముక్కు దాకా ఎక్కుతుంది. తేడా ఒక మిల్లీమీటరు ఉంటే మూడు రోజుల్లో అది దానంతట అదే పూడుతుంది. ఆ మూడు రోజులు పొడుగ్గా ఉన్న వైపును అలాగే వదిలి, కురచైన వైపు గీతను అందుకున్నాక రెండింటినీ కలిపి దిద్దుకోండి. అంచును మరీ పైకి కోసి, వెంట్రుకలు పొడుచుకొచ్చిన మీసానికి మాత్రం రెండు మూడు వారాలు పెరగనివ్వడం తప్ప వేరే దారి లేదు. ఆ సమయంలో స్నానం చేసిన ప్రతిసారి తడి మీసాన్ని కిందికి దువ్వి, అలా దువ్విన స్థితిలోనే ఆరనిస్తే, పెరిగే వెంట్రుకలు కిందికి పడుకోవడం త్వరగా అలవడుతుంది.

ట్రిమ్మర్ వాడదలచుకున్నవారు దాన్ని కత్తెరతో గీత ఏర్పరచిన తరువాతే, ఆ గీతను నిలుపుకోవడానికి వాడాలి. దువ్వెన తొడుగు తీసేసి, అలుగు పళ్ళు ఎర్రని గీతకు ఆనేలా పట్టుకుని, పెదవి మీదిగా కిందికే లాగాలి. పైకి తోస్తే ఒక్క క్షణంలో గీత కంటే పైకి వెళుతుంది, అది కళ్ళబడేసరికే వెంట్రుకలు రాలిపోయి ఉంటాయి. పెదవి మీద పుండు గాని, పగులు గాని, మీసంలో చీము పట్టిన పొక్కు గాని ఉన్న రోజుల్లో కత్తెరయినా ట్రిమ్మరయినా పక్కన పెట్టి, అది మానిన తరువాతే పని మొదలుపెట్టండి. పని అయిన ప్రతిసారి అలుగులకు అంటిన వెంట్రుకలు తుడిచి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టండి.

రోజుకు మూడో వంతు మిల్లీమీటరు అన్న లెక్క ప్రకారం వారం పది రోజుల్లో అంచు 2 నుంచి 3 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, ఇబ్బంది కూడా సరిగ్గా అప్పుడే తిరిగి మొదలవుతుంది. కనుక వారానికి ఒకసారి రెండో విడత, మూలల పరీక్ష చేసుకుంటే సరిపోతుంది, అప్పుడు అయిదు నిమిషాలకు మించి పట్టదు. కత్తిరింపుతో అన్నీ తీరవు. నురగ తేలే పానీయాలు పెదవి గీత దాకా వస్తాయి కనుక, ఎంత చక్కగా కోసిన ఒత్తు మీసానికైనా కొంత నురగ అంటుతుంది. తాగిన తరువాత గుడ్డను పక్కలకు రుద్దితే వెంట్రుకలు చెదిరి మళ్ళీ నోటిలోకి తిరుగుతాయి, పై నుంచి కిందికి అద్దితే తడి పోతుంది, మీసం తన చోటనే ఉంటుంది. మీసానికి మైనం రాసేవారు వేడి పానీయాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త పడాలి. తేనెమైనం 60 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది, అంతకంటే తక్కువ వేడికే మెత్తబడుతుంది, పొగలు కక్కే కప్పు దగ్గర ఆ ఆవిరికే మీసం జారి పెదవి మీదికి వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటన్‌లో మీసాల వారి కోసమే లోపల చిన్న అడ్డుపలక ఉన్న కప్పులు తయారుచేయడానికి ఇదే కారణం. అలాంటి కప్పు లేకపోయినా, మధ్యభాగంలో మైనం రాయకుండా పక్క కొనలకే పరిమితం చేసి, మధ్యభాగం అంచును కత్తెరతో గీత దగ్గర ఉంచుకుంటే చాలు.